కుర్తీ చార్టులో 40 అంటే ఒంటి కొలతా, బట్ట కొలతా? రిటర్నులు తగ్గాలంటే లిస్టింగులో ఏం రాయాలి

గుంటూరు_కుర్తీలు

అందరికీ నమస్కారం. మావి రేయాన్ స్ట్రెయిట్ కట్ కుర్తీలు. మూడొంతుల చేతులు, లైనింగ్ లేదు, రెండు పక్కలా కట్స్ ఉంటాయి. ఒక ఆన్‌లైన్ సైటులోనూ, వాట్సాప్‌లోనూ అమ్ముతున్నాం. వెనక్కి వచ్చేవాటిలో ఎక్కువ భాగం "సైజు సరిపోలేదు" అనే కారణంతోనే వస్తున్నాయి. లిస్టింగులో ఇచ్చిన చార్టు ఇంతే:

M – 38, L – 40, XL – 42, XXL – 44. పొడవు 44 అంగుళాలు.

కుర్తీని బల్ల మీద పరిచి ఛాతీ కొలిచి రెండింతలు చేస్తే M 39, L 41, XL 43, XXL 45 వస్తోంది. అంటే చార్టులో చెప్పినదానికన్నా అంగుళం ఎక్కువే ఇస్తున్నాం. అయినా చిన్నదైందనే అంటున్నారు, అందులోనూ XL, XXL కొన్నవాళ్లు ఎక్కువ. చార్టు మార్చాలా, కటింగ్ మార్చాలా?

రాజేశ్_క్యాటలాగ్

సింపుల్ అండీ. లిస్టింగు పైన "మీరు మామూలుగా వేసుకునే దానికన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి" అని ఒక లైను పెట్టేయండి. చాలామంది సెల్లర్లు చేసేది అదే. చార్టు ఎలాగూ ఎవరూ చదవరు.

పద్మజ_ప్యాటర్న్

రాజేశ్ గారి సలహా సగం వరకు పనిచేస్తుంది. ఆ మిగతా సగంలోనే కొత్త రిటర్నులు పుడతాయి. ఎందుకో చెప్తాను.

గుంటూరు గారి చార్టులో "L – 40" అని ఉంది. అది కొనేవాళ్ల ఛాతీయా, కుర్తీ ఛాతీయా అన్నది ఎక్కడా లేదు. ఒకావిడ టేపుతో తన ఛాతీ చుట్టూ కొలుచుకుంటుంది, 40 వస్తుంది, L తీసుకుంటుంది. ఆమెకు వచ్చే కుర్తీ 41. సాగని బట్టలో ఒక్క అంగుళం వదులు ఏ మూలకూ చాలదు. ఊపిరి పీల్చినా, చేయి ఎత్తినా, బండి హ్యాండిల్ పట్టుకున్నా వీపు మీద లాగుతుంది. ఆమె "చిన్నది" అని పంపేస్తుంది. ఇంకొకావిడ బీరువాలోంచి తనకు బాగా పట్టే కుర్తీ ఒకటి తీసి, పరిచి కొలిచి రెండింతలు చేస్తుంది. 41 వస్తుంది. చార్టులో 41 లేదు కాబట్టి ఎందుకైనా మంచిదని XL పెడుతుంది. ఆమెకు 43 వస్తుంది, "పెద్దది" అని పంపేస్తుంది. చార్టు ఒకటే, రిటర్నులు మాత్రం రెండు వైపుల నుంచీ.

ఇప్పుడు "ఒక సైజు పెద్దది తీసుకోండి" అన్నారనుకోండి. ఒంటిని కొలుచుకున్న మొదటావిడ XL తీసుకుంటుంది, 43 వస్తుంది, 3 అంగుళాల వదులుతో చక్కగా సరిపోతుంది. ఆమె వరకు రాజేశ్ గారు చెప్పింది నిజమే. రెండో ఆవిడ ఇప్పటికే ఒకటి ఎక్కి ఉంది. మీ లైను చూసి XXL తీసుకుంటే 45 వస్తుంది, భుజాలు జారతాయి. "మామూలుగా వేసుకునే సైజు" అన్న మాటలోనే ఇబ్బంది ఉంది. ఒక్కో బ్రాండులో ఒక్కో సైజు వేసుకునేవాళ్లకు మామూలు సైజంటే ఏది?

సాగని బట్టతో కుట్టిన స్ట్రెయిట్ కుర్తీకి ఛాతీ దగ్గర ఒంటి కొలత మీద 3 అంగుళాలు కలిపితే చాలామందికి హాయిగా ఉంటుంది. 2కు తగ్గితే టైటు అంటారు, 5కు వెళ్తే సంచిలా ఉందంటారు. కాబట్టి చార్టులో ఒక్క అంకె బదులు రెండు వరసలు పెట్టండి. ఒకదాని పేరు "మీ ఒంటి ఛాతీ", రెండోదాని పేరు "కుర్తీ ఛాతీ". మీ కుర్తీలు ఇప్పుడున్నట్టే ఉంటే M 35–36 ఛాతీకి, L 37–38కి, XL 39–40కి, XXL 41–42కి సరిపోతాయి. మీరు 44 అని పేరు పెట్టిన XXL నిజానికి 42 ఒంటి కుర్తీ.

అయితే XL, XXL మాత్రమే ఎక్కువగా వెనక్కి రావడానికి ఈ కారణం ఒక్కటే చాలదు. ఛాతీ చిక్కు అన్ని సైజుల్లోనూ ఒకేలా ఉంది కదా. చేతి చుట్టుకొలతలు చెప్పగలరా? చంక కుట్టుకు ఒక అంగుళం కింద, చేతిని మడత పెట్టి పరిచి కొలిచి, రెండింతలు చేయండి. అలాగే భుజం నుంచి కట్స్ మొదలయ్యే చోటు వరకు ఎంత ఉందో కూడా చూడండి.

ఏలూరు_పట్టులంగాలు

ఇదే చోట నా ప్రశ్న కూడా అడిగేస్తాను, ఏమనుకోకండి. మేం పిల్లల పట్టు లంగా జాకెట్లు అమ్ముతాం. సైజులు వయసు లెక్కన ఇస్తాం, 3–4 ఏళ్లు, 5–6 ఏళ్లు అలాగ. "లంగా పొట్టిగా ఉంది" అని వెనక్కి వస్తున్నాయి. వయసు పక్కన ఛాతీ కూడా రాస్తే సరిపోతుందా?

పద్మజ_ప్యాటర్న్

ఏలూరు గారూ, మీ సమస్య వేరు. ఆరేళ్ల పిల్లలు ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే ఎత్తులో నాలుగైదు అంగుళాల తేడా మామూలుగా కనిపిస్తుంది. లంగాకు ఛాతీతో పనిలేదు. నడుము దగ్గర నాడానో ఎలాస్టికో ఉంటే నడుముతో కూడా పెద్దగా పేచీ ఉండదు. కావాల్సింది నడుము నుంచి మడమ దాకా పొడవు. వయసును వెతుక్కోవడానికి మాత్రం ఉంచి, పక్కన "లంగా పొడవు 26 అంగుళాలు, లోపల మడత 2 అంగుళాలు" అని రాయండి. మడత విప్పి పొడవు పెంచుకోవచ్చని తెలిస్తే తల్లులు ధైర్యంగా కొంటారు. జాకెట్టుకు మాత్రం ఛాతీ కావాలి. దాని మీద వేరే చర్చ పెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను.

గుంటూరు_కుర్తీలు

పద్మజ గారూ, ఇప్పుడే కొలిచాం. చేతి చుట్టు M 12, L 12½, XL 13, XXL 13½. భుజం నుంచి కట్స్ దాకా 22 అంగుళాలు, అన్ని సైజులకూ అంతే.

పద్మజ_ప్యాటర్న్

అయితే దొరికింది. కట్స్ 22 దగ్గర మొదలవుతున్నాయి కాబట్టి చాలామందికి హిప్ దగ్గర కుర్తీ విచ్చుకుంటుంది, అక్కడ ఇబ్బంది ఉండకూడదు. అదే 25 దగ్గర మొదలైతే మూసి ఉన్న భాగం హిప్ మీద పడి బిగుసుకునేది. అప్పుడు హిప్ కొలత తప్పకుండా ఇవ్వాల్సి వచ్చేది.

ఇబ్బందంతా చేతుల్లో ఉంది. ఛాతీని సైజుకు 2 అంగుళాల చొప్పున పెంచారు, చేతిని అరంగుళం చొప్పున పెంచారు. M, Lలలో అది చెల్లుతుంది. XXL వేసుకునేవాళ్లలో పైచేయి చుట్టు 13, 14 ఉండటం చాలా మామూలు. సాగని బట్టలో చేతికి కనీసం ఒకటిన్నర అంగుళం వదులు కావాలి. మీ 13½ చేయి 12 అంగుళాల పైచేతికి సరిపోతుంది, అంతకు మించితే పట్టేస్తుంది. ఛాతీ 42 ఉన్న మనిషికి XXL ఒంట్లో సరిగ్గా కూర్చుని, చేతుల్లో ఇరుక్కుపోతుంది. సైటులో ఆమెకు "సైజు చిన్నది" అన్న ఒక్క ఆప్షనే కనిపిస్తుంది కాబట్టి అదే నొక్కుతుంది. మీరేమో ఛాతీ వైపు చూస్తూ కూర్చుంటారు.

నిర్ధారణ కావాలంటే వెనక్కి వచ్చిన XXLలు నాలుగైదు తీసి, చంక కింద కుట్టును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఇరికించుకుని వేసి చూసిన కుర్తీలో కుట్టు దారం పక్కన రేయాన్ పోగులు జరిగి, చిన్న చిన్న సందులు నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి. మోచేతికి పైన అడ్డంగా ముడతలు కూడా ఉంటాయి. ఛాతీ బిగుతైతే ఆ ముడతలు చంక నుంచి ఛాతీ వైపు లాగినట్టు ఉంటాయి. రెండూ వేర్వేరుగా తెలిసిపోతాయి.

వసంత_కొనుగోలుదారు

కొనేవాళ్ల తరఫున ఒక మాట. పద్మజ గారు చెప్పిన చేతుల సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. ఛాతీ కొలత అన్ని లిస్టింగుల్లోనూ ఉంటుంది, చేతి చుట్టు దాదాపు ఎక్కడా ఉండదు. దానితో పాటు లోపల మార్జిన్ ఎంతుందో కూడా ఎవరూ రాయరు. అరంగుళం విప్పుకునే వీలుంటే వీధి చివర టైలరు దగ్గర విప్పించుకుంటాం, వెనక్కి పంపే శ్రమ ఎవరికి కావాలి? అది తెలియకే పంపేస్తాం.

కటింగ్_మాస్టర్_సికింద్రాబాద్

వసంతమ్మ మంచి మాట చెప్పింది. మార్జిన్ లెక్క ఇట్ల చూడాలె. పక్క కుట్టు దగ్గర ముందు భాగానికీ వెనక భాగానికీ ముప్పావు అంగుళం చొప్పున లోపల ఉందనుకుందాం. పావు అంగుళం కుట్టు నిలవడానికి వదలాలె. మిగిలేది అరంగుళం. ముందూ వెనకా, కుడీ ఎడమా, మొత్తం నాలుగు చోట్ల కాబట్టి విప్పితే 2 అంగుళాలు పెరుగుతది. 43 కుర్తీ 45 అయితది. అదే మార్జిన్ చేతి కింద కుట్టులో కూడా ఉంటేనే చేతికి ఒక అంగుళం వస్తది. ఛాతీలో ఉంచి చేతిలో ఉంచకపోతే చంక దగ్గర రెండూ కలవవు, టైలరు ఏం చేయలేడు.

ఇంకోటి. కట్స్ ఉన్న కుర్తీలో కట్స్ అంచు మడిచి కుట్టి ఉంటది. పక్క విప్పాలంటే ఆ మడత పైభాగం కూడా విప్పాలె. కాబట్టి లిస్టింగుల "2 అంగుళాలు విప్పుకోవచ్చు" అని ఉత్తగ రాయకండి. "టైలరుతో విప్పించుకుంటే" అని రాయండి. ఓవర్‌లాక్ మిషన్ మీద అంచు కోసేసి కుట్టిన పీసులకు అసలు మార్జినే ఉండదు. వాటికి "లోపల మార్జిన్ లేదు" అని సాఫ్‌గా రాయాలె.

గుంటూరు అన్నా, ఒక ముచ్చట అడుగుత. ఎన్ని పీసులు కొలిచి 41, 43 అని చెప్తున్నరు? ఒక్కొక్క సైజుల ఒక్కటేనా?

గుంటూరు_కుర్తీలు

సైజుకు ఒకటే కొలిచాం మాస్టర్ గారూ. అన్నీ ఒకే ప్యాటర్న్ మీద కోసినవే కదా?

కటింగ్_మాస్టర్_సికింద్రాబాద్

ప్యాటర్న్ ఒకటే అయినా పీసులన్నీ ఒక్క తీరు రావు. రేయాన్ జారుడు బట్ట. పొరలు ఎక్కువ పరిచి నిలువు కత్తి మిషన్‌తో కోస్తే, మూల తిరిగేటప్పుడు కత్తి కొంచెం వంగినా పై పొర ఒక తీరు, అడుగు పొర ఒక తీరు వస్తది. బట్టను లాగి పరిస్తే కోసినంక అది వెనక్కి ముడుచుకుంటది. దాని మీద కుట్టేటోళ్లు ఒకరు పావు అంగుళం లోపలికి కుడతరు, ఇంకొకరు అరంగుళం. నాలుగు అంచుల మీద పావు పావు తేడా పడితే ఛాతీల ఒక అంగుళం పోయినట్టే. అంటే చార్టుల 43 అని ఉన్నది కొందరికి 42 పోతది.

బ్యాచ్ వచ్చినప్పుడల్లా ప్రతి సైజుకు ఐదు పీసులు, కట్ట పైనుంచి రెండు, నడిమి నుంచి ఒకటి, అడుగు నుంచి రెండు తీసి కొలవండి. అన్నీ అరంగుళం లోపల కలిస్తే చార్టు మీద పని చేయండి. అరంగుళం దాటితే చార్టుల ఏం రాసినా అది కొందరికి అబద్ధమే అయితది. ముందు కుట్టుడు సరిచేయాలె.

రాజేశ్_క్యాటలాగ్

అర్థమైంది. చేతి సంగతి నాకు తట్టలేదు. కానీ ఒక అనుమానం. "చేయి 13½ మాత్రమే" అని లిస్టింగులో రాస్తే కొనాల్సినవాళ్లు కూడా భయపడి వెనక్కి పోరా? ఆర్డర్లు తగ్గితే?

పద్మజ_ప్యాటర్న్

చేయి పట్టనివాళ్లు ఆర్డరు పెట్టకపోవడమే మనకు కావాల్సింది. ఆ పీసు వెళ్లి, వచ్చి, ఇస్త్రీ చేసి మళ్లీ ప్యాక్ చేసేసరికి రెండు వైపులా కొరియరు, ప్యాకింగ్, పని పోతాయి. ఒక్కోసారి చెమట మరకో, పౌడరు మరకో పడి పీసే పోతుంది. ఆ ఆర్డరు మొదట్లోనే రాకపోతే మిగిలేదే ఎక్కువ.

అసలు పరిష్కారం ప్యాటర్న్‌లో ఉంది. XL నుంచి పైకి చేతిని సైజుకు ముప్పావు నుంచి ఒక అంగుళం చొప్పున పెంచండి. XL 13½, XXL 14½ చేసినా చాలా తేడా వస్తుంది. కొత్త బ్యాచ్ వచ్చేదాకా పాత స్టాకుకు నోటు రాసి పెట్టుకోండి. రెండు బ్యాచ్‌లకూ ఒకే లిస్టింగు వాడకండి, లేకపోతే ఏ రిటర్ను దేని వల్ల వచ్చిందో తెలియదు.

కటింగ్_మాస్టర్_సికింద్రాబాద్

చేయి పెంచుడంటే చేతి ముక్కను మాత్రం వెడల్పు చేస్తే కాదు. చేతి పైన గుండ్రం పొడవు పెరుగుతది, ఒంటి మీద చంక గుండ్రం అంతే ఉంటది. కుట్టేటప్పుడు మిగిలిన బట్టను ముడతలు పెట్టి తోస్తరు, భుజం మీద కుచ్చులు వస్తయి. చంకను కొంచెం కిందికి దింపి రెండు గుండ్రాలనూ జత చేయాలె. మరీ ఎక్కువ దింపితే చేయి ఎత్తినప్పుడు కుర్తీ మొత్తం పైకి లేస్తది. పావు నుంచి అరంగుళం దాకా దింపి, ఒక పీసు కుట్టి మనిషికి వేసి చూసినంకనే కట్ట కోయండి.

బట్టల_గోదాము_విజయవాడ

ఉతికాక కుంచించుకుపోయే సంగతి ఎవరూ ఎత్తలేదు. రేయాన్ కదా, అది పెద్ద విషయం. బట్ట వచ్చినప్పుడు ఒక ముక్క మీద పెన్నుతో 50 సెంటీమీటర్ల చదరం గీయండి, నిలువు ఏదో అడ్డం ఏదో బాణం గుర్తు పెట్టండి. ఇంట్లో ఉతికినట్టే ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. నిలువున 48½ వస్తే 3 శాతం తగ్గినట్టు. మీ 44 అంగుళాల కుర్తీలో అది అంగుళం పావు కన్నా కాస్త ఎక్కువ. అడ్డంలో 2 శాతం తగ్గినా 43 ఛాతీలో ముప్పావు అంగుళం పైనే పోతుంది. అప్పుడు మీరు లెక్కగట్టిన 3 అంగుళాల వదులు రెండుంబావు కన్నా కిందికి దిగుతుంది.

ఉతికిన పీసును సైటువాళ్లు రిటర్ను తీసుకోరు కాబట్టి ఇది రిటర్నుల లెక్కలో కనిపించదు. రివ్యూల్లో కనిపిస్తుంది. "ఒక్క ఉతుకుకే పొట్టిదైంది" అని ఫొటోతో రాసి ఒక స్టారు ఇస్తారు. బట్టను ముందే తడిపి ఆరబెట్టి కోస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు. అది కుదరకపోతే ఉతికాక వచ్చే కొలతలనే చార్టులో వేయండి.

సాయి_ఫొటో

ఫొటోల సంగతి కూడా చూడండి. షూటింగులో మోడల్‌కు కుర్తీ వదులైతే వీపు వెనక క్లిప్పులు పెట్టి బిగిస్తాం, ముందు నుంచి చూస్తే నడుము దగ్గర చక్కగా పట్టినట్టు కనిపిస్తుంది. కొన్నావిడకు అదే స్ట్రెయిట్ కుర్తీ నడుము దగ్గర నిలువుగా వేలాడుతుంది. "ఫొటోలో ఉన్నట్టు లేదు, పెద్దదైంది" అని పంపేస్తుంది. క్లిప్పు లేకుండా పక్క నుంచి ఒక ఫొటో, వెనక నుంచి ఒక ఫొటో తప్పకుండా పెట్టండి. మోడల్ ఎత్తు, ఆమె ఛాతీ, ఆమె వేసుకున్న సైజు మూడూ రాయండి. "మోడల్ M వేసుకుంది" అని మాత్రమే రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

వసంత_కొనుగోలుదారు

పొడవు కూడా అంతే సాయి గారూ. 44 అంగుళాలంటే నాకు ఎక్కడిదాకా వస్తుందో ఊహించుకోలేను. 5 అడుగుల 6 అంగుళాల మోడల్‌కు పిక్కల మధ్య దాకా వచ్చే కుర్తీ, 5 అడుగుల మనిషికి మడమకు కొంచెం పైదాకా దిగిపోతుంది. ఆ రెండు ముక్కలూ మాటల్లో రాస్తే చాలు, లెగ్గింగు మీద వేసుకోవాలో పలాజో మీద వేసుకోవాలో మేమే తేల్చుకుంటాం.

రాజేశ్_క్యాటలాగ్

ఇంకొకటి అడుగుతాను. నిఫ్ట్‌వాళ్లు మన దేశం వాళ్ల ఒంటి కొలతలు తీసే సర్వే చేశారు కదా, ఇండియాసైజ్ అని. హైదరాబాదులో కూడా తీశారు. ఆ చార్టు పెట్టుకుంటే అందరికీ ఒకే కొలత అయిపోతుంది కదా? ఎవరి చార్టు వాళ్లు తయారు చేసుకోవడం ఎందుకు?

పద్మజ_ప్యాటర్న్

అది మనుషుల ఒళ్లు కొలిచిన సర్వే. త్రీడీ స్కానర్లతో, 15 నుంచి 65 ఏళ్ల వయసువాళ్లను ఆరు నగరాల్లో కొలవాలని మొదలుపెట్టారు. ఏ ఒంటికి ఏ సైజు పేరు పెట్టాలో తేల్చుకోవడానికి అలాంటిది పనికొస్తుంది. మీ కట్టలో ఉన్న XL కుర్తీ చేయి 13 ఉందా 14 ఉందా అన్నది మాత్రం మీ బల్ల మీద టేపు పెడితేనే తెలుస్తుంది. ఇంకో బ్రాండు చార్టును కాపీ చేసి పెట్టేవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. చార్టు ఎంత బాగున్నా అది వేరేవాళ్ల కుర్తీ గురించి.

గుంటూరు_కుర్తీలు

వెనక్కి వచ్చిన XXLలు తీసి చూశాం. చాలావాటికి చంక కింద పోగులు జరిగే ఉన్నాయి, ఛాతీ వైపు లాగిన ముడతలు కొన్నిటికే ఉన్నాయి. మాస్టర్ గారు చెప్పినట్టు సైజుకు ఐదు చొప్పున కొలిచాం. L, XL, XXL బాగానే కలిశాయి. Mలో మాత్రం రెండు పీసులు 38¼ వచ్చాయి, ఆ కట్ట మొత్తం పక్కన పెట్టాం. లోపల మార్జిన్ పక్కలకు ముప్పావు ఉంది, చేతి కింద కూడా ఉంది. బట్ట తడిపి కోసినదే.

లిస్టింగు కోసం ఇలా రాశాం. ఏమైనా మార్చాలంటే చెప్పండి.

> సాగని రేయాన్ బట్ట. స్ట్రెయిట్ కట్, నడుము దగ్గర వదులుగా ఉంటుంది. ముందుగా మీ ఛాతీని టేపుతో కొలుచుకుని "మీ ఛాతీ" వరసలో చూడండి. మీ కొలతకు అంగుళాలేమీ కలపకండి, కలిపే ఇచ్చాం.
>
> | సైజు | మీ ఛాతీ | కుర్తీ ఛాతీ | కుర్తీ చేయి చుట్టు |
> |---|---|---|---|
> | M | 35–36 | 39 | 12 |
> | L | 37–38 | 41 | 12½ |
> | XL | 39–40 | 43 | 13 |
> | XXL | 41–42 | 45 | 13½ |
>
> అన్నీ అంగుళాల్లో. చేయి కొంచెం బిగుతు కట్. మీ పైచేయి చుట్టుకొలతకు ఒకటిన్నర అంగుళం కలపండి. అది చివరి వరసలోని అంకె కన్నా ఎక్కువైతే పై సైజు తీసుకోండి. టైలరుతో విప్పించుకుంటే ఛాతీ 2 అంగుళాలు, చేయి 1 అంగుళం పెరుగుతాయి. పొడవు 44. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలైతే పిక్కల మధ్యకు, 5 అడుగులైతే మడమకు కాస్త పైకి వస్తుంది. మోడల్ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, ఛాతీ 36, వేసుకున్నది M.

పద్మజ_ప్యాటర్న్

చాలా బాగుంది. "కలపకండి, కలిపే ఇచ్చాం" అన్న మాట అస్సలు తీయకండి. కుట్టు తెలిసిన ఆడవాళ్లు అలవాటుగా రెండంగుళాలు కలిపేసుకుంటారు. మూడు మార్పులు చెప్తాను. ఛాతీ ఎక్కడ కొలవాలో ఒక ముక్క రాయండి: బాగా ఎత్తుగా ఉన్న చోట, టేపు వీపు మీద జారకుండా, లోపల వేసుకునే బట్ట మీద నుంచి. రెండోది, ఛాతీ 36కూ 37కూ మధ్య వచ్చినవాళ్లు ఏది తీసుకోవాలో చెప్పండి, మీ కుర్తీకైతే పెద్దదే నయం. మూడోది, చేతి గురించిన వాక్యాన్ని XXL వాళ్లకు విడిగా రాయాలి, వాళ్లకు పై సైజు లేదు కదా. "పైచేయి 12 దాటితే ఇది మీకు బిగుతవుతుంది, 13 దాకా అయితే విప్పించుకోవచ్చు" అని నేరుగా చెప్పేయండి.

సాయి_ఫొటో

ఇదంతా బొమ్మగా చేసి ఫొటోల్లో ఏడోదిగా పెట్టకండి. ఫోనులో అక్షరాలు కనపడవు. పట్టిక బొమ్మలో ఉన్నా, చేతి సంగతి, "కలపకండి" అన్నది వివరణ మొదటి రెండు లైన్లలోనే అక్షరాల్లో ఉండాలి. కింద ఉన్నది "ఇంకా చదవండి" నొక్కితే గానీ కనిపించదు.

రాజేశ్_క్యాటలాగ్

ఒక చిక్కు మిగిలిపోయింది. ఇన్నాళ్లూ XXL అంటే 44 అనుకుని వెతికేవాళ్లున్నారు. ఇప్పుడు XXL 42 వాళ్లది అంటున్నారు. సైటులో XXL ఫిల్టరు పెట్టి వచ్చిన 44 ఛాతీ ఆవిడ చార్టు చూడకుండా కొనేస్తే మళ్లీ రిటర్నే. ట్యాగులే మార్చి, 45 కుర్తీకి XL అని పేరు పెట్టేస్తే పోదా?

పద్మజ_ప్యాటర్న్

నా ఓటు పేరు మార్చడానికే, రాజేశ్ గారూ. 43 కుర్తీ L, 45 కుర్తీ XL అయితే ఫిల్టరు పెట్టి వచ్చినవాళ్లకూ సరిపోతుంది, చార్టు చూడనివాళ్లకూ సరిపోతుంది.

కటింగ్_మాస్టర్_సికింద్రాబాద్

నేనైతే వద్దంట. ముందు కొన్నోళ్లు మళ్లీ అదే సైజు ఆర్డర్ పెడతరు. పోయినసారి XL సరిపోయినామె మళ్లా XL పెడితే ఈసారి రెండంగుళాలు పెద్దది పోతది. మళ్లీ కొనేటోళ్లే మనకు రిటర్నులు తక్కువ ఇచ్చేటోళ్లు, వాళ్లనే తికమక పెట్టినట్టు అయితది. పేర్లు మార్చుడైతే పాత డిజైన్లకు వద్దు, కొత్త డిజైన్లకు కొత్త లిస్టింగు తీసి మార్చుకోవాలె.

గుంటూరు_కుర్తీలు

వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ కొనేవాళ్లు ఎక్కువ, సైటులో కొత్తవాళ్లు ఎక్కువ. ప్రస్తుతానికి పేర్లు అలాగే ఉంచి నోటు మారుస్తున్నాం. రిటర్ను వచ్చినప్పుడల్లా "ఎక్కడ పట్టింది: ఛాతీ, చేయి, భుజం, పొడవు?" అని వాట్సాప్‌లో అడిగి సైజు పక్కన రాసి పెడతాం. చేతులు పెంచిన కొత్త బ్యాచ్‌కు వేరే లిస్టింగు తీస్తాం. దానికి ట్యాగు పేరు మార్చాలా వద్దా అన్నది మాలో మాకే ఇంకా తేలలేదు. సైటులో పేరు మార్చి, వాట్సాప్‌లో పాత పేరే ఉంచి ఎవరైనా నడిపారా? ఒకే గోదాములో రెండు ట్యాగులు పెట్టుకుంటే ప్యాకింగులో కలిసిపోవా?

బట్టల_గోదాము_విజయవాడ

తప్పకుండా కలిసిపోతాయి. ట్యాగు మీద అక్షరం పక్కనే కుర్తీ ఛాతీ కూడా అచ్చు వేయించండి, "XL / 45" అని. ప్యాక్ చేసే కుర్రాడు అక్షరం చూడకుండా అంకె చూసి తీయాలి. దీనితో కూడా పొరపాట్లు పూర్తిగా ఆగవు, సీజనులో రద్దీగా ఉన్నప్పుడు మరీను. రెండు పేర్లూ ఒకే గోదాములో నడిపినవాళ్లెవరైనా ఉంటే రాయండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.